గల్లా పలచబడితే ఓనరుకు రాయాల్సిన ఉత్తరం

విజయవాడ కనకదుర్గ ఫ్లైఓవర్‌ను 2016 ఆగస్టులో వచ్చే కృష్ణా పుష్కరాలకల్లా పూర్తి చేయాలని మొదట అనుకున్నారు. దాని మీద వాహనాలు తిరగడం మొదలైంది 2020 అక్టోబరులో. హైదరాబాద్‌లో ఉప్పల్ నుంచి నారపల్లి వరకు ఎలివేటెడ్ కారిడార్‌కు 2018లో శంకుస్థాపన చేశారు. స్తంభాలు లేచాక ఆ పనులు ఏళ్ల తరబడి ఆగుతూ సాగుతూ నడిచాయి. తెలుగు రాష్ట్రాల్లో ఏ పెద్ద ఊరికి వెళ్లినా ఇలాంటి రోడ్డు ఒకటి కనిపిస్తుంది. ఫ్లైఓవర్ కాకపోతే విస్తరణ, అదీ కాకపోతే డ్రైనేజీ పైపులు. రోడ్డుకు అటూ ఇటూ ఉన్న దుకాణాల ముందు రేకుల బారికేడ్లు నిలబడతాయి. బండి ఆపడానికి చోటుండదు. సాయంత్రం ఇంటికి వెళ్తూ ఆగి ఏదో ఒకటి కొనుక్కునేవాళ్లు డైవర్షన్‌లో వేరే వీధికి మళ్లిపోతారు.

రోడ్డు ప్రభుత్వానిది, భవనం ఓనరుది, నష్టం మాత్రం అద్దెకున్నవాడిది. విస్తరణలో భూమి పోయినవారికి 2013 భూసేకరణ చట్టం కింద పరిహారం వస్తుంది. భూమి పోకుండా గిరాకీ మాత్రమే పోయిన దుకాణదారుకు ఆ చట్టం ఏమీ ఇవ్వదు. ఒకటో తారీఖు రాగానే అద్దె, కరెంటు బిల్లు, జీతాలు యథాప్రకారం ముందుకొస్తాయి. వీటిలో మాట్లాడి తగ్గించుకోగలిగింది అద్దె ఒక్కటే. అందుకు చేయాల్సిన పని ఓనరుకు ఒక ఉత్తరం రాయడం. చాలామంది ఆ ఉత్తరం రాయరు. ఎదురుపడినప్పుడు "బేరాలు లేవండీ, కాస్త చూడండి" అని అడుగుతారు. ఓనరు "చూద్దాంలే" అంటాడు. ఆ రెండు మాటల మీద ఆరు నెలలు గడిచాక ఇద్దరి మధ్య గొడవ మొదలవుతుంది.

ఉత్తరం రాసేముందు ఒక సంగతి గట్టిగా తెలుసుకోవాలి. అగ్రిమెంటులో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, రోడ్డు తవ్వకం వల్ల వ్యాపారం తగ్గిందని అద్దె తగ్గించుకునే హక్కు అద్దెదారుకు లేదు. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ అద్దెదారుకు ఒక రక్షణ ఇస్తుంది. అగ్నిప్రమాదం, వరద, అల్లర్ల వంటి వాటి వల్ల అద్దెకు తీసుకున్న ఆస్తిలో ముఖ్యభాగం పూర్తిగా నాశనమైనా, ఇక శాశ్వతంగా పనికిరాకుండా పోయినా, లీజు రద్దయిందని చెప్పే అవకాశం అద్దెదారుకు ఉంటుంది. దుకాణం గోడలు, షట్టరు చెక్కుచెదరకుండా ఉండి, వచ్చే జనం మాత్రమే తగ్గినప్పుడు ఆ సెక్షన్ అక్కరకు రాదు. ఓనరు తానే అడ్డంకి కల్పిస్తే అది వేరే సంగతి. మున్సిపాలిటీ తవ్వితే ఆ బాధ్యత ఓనరు మీద పడదు.

ఈ విషయంలో కోర్టులు ఎంత కచ్చితంగా ఉంటాయో తెలియడానికి ఒక పాత తీర్పు చూడాలి. పశ్చిమ పంజాబ్‌లో వ్యవసాయ భూమిని లీజుకు తీసుకుని అద్దె ముందే కట్టిన లీజుదారు ఒకరు 1947 విభజన అల్లర్లలో అన్నీ వదిలేసి ఇటు వచ్చేశారు. ఆ భూమి పాకిస్తాన్‌లో ఉండిపోయింది. సాగు చేయలేకపోయాను, కట్టిన అద్దె తిరిగి ఇప్పించండని ఆయన కోర్టుకెక్కారు. లీజు ద్వారా భూమి మీద హక్కు ఒకసారి చేతికొచ్చాక, ఆ తర్వాతి పరిస్థితులు ఎలా మారినా ఒప్పందం దానంతట అదే రద్దు కాదని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది. అద్దె తిరిగి రాలేదు. కోవిడ్ లాక్‌డౌన్‌లో ఢిల్లీ ఖాన్ మార్కెట్‌లోని ఒక దుకాణం అద్దెదారులు, దుకాణం మూసే ఉంది కాబట్టి అద్దె ఆపుకోనివ్వమని అడిగారు. 2020 మే నెలలో ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు. కట్టడానికి కొంత వెసులుబాటు మాత్రం ఇచ్చింది. దేశమంతా తలుపులు మూసుకున్న రోజుల్లోనే అద్దె ఆగలేదు. రోడ్డు తవ్వారని ఆగుతుందనుకోవడం భ్రమ.

అందుకే ఇది హక్కుగా అడిగే ఉత్తరం కాదు, ఒప్పించే ఉత్తరం. బెదిరింపు పనికిరాదు. ఒట్టి దీనాలాపనా పనికిరాదు. ఓనరు కూడా లెక్క చూసుకునే మనిషే. ఆయన ముందు లెక్క పెట్టాలి.

ఆ లెక్క ఎలా వేయాలో తెలియడానికి జిల్లా కేంద్రంలో ఒక బేకరీని ఊహించుకుందాం. రెండు షట్టర్ల దుకాణం, నెలకు 40,000 అద్దె, ఆరు నెలల అద్దె అడ్వాన్సు. జులైలో ముందున్న రోడ్డు తవ్వారు. నిరుడు ఆగస్టులో అమ్మకం 6 లక్షలు. ఈ ఆగస్టులో 3 లక్షల 90 వేలు. అంటే వందకు ముప్పై అయిదు తగ్గింది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, పోయిన నెలతో ఈ నెలను పోల్చడం. ఆషాఢంలో చాలా వ్యాపారాలు మందగిస్తాయి. శ్రావణంలో పెళ్లిళ్లు, నోములతో పుంజుకుంటాయి. పండగలు, బడులు తెరిచే రోజులు, జీతాలు పడే రోజులు కూడా లెక్క మారుస్తాయి. మే నెలతో ఆగస్టును పోలిస్తే "అది సీజన్ కదా" అని ఓనరు ఒక్కమాటలో తీసిపారేస్తాడు. నిరుటి అదే నెలతో పోలిస్తే ఆ మాటకు చోటుండదు. జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసే దుకాణమైతే ఆ కాగితాలే సాక్ష్యం. లేకపోతే బిల్లింగ్ మెషీన్ నెలవారీ రిపోర్టు, ఫోన్‌పే, గూగుల్ పే లావాదేవీల స్టేట్‌మెంటు చూపించవచ్చు.

తగ్గిన అమ్మకానికి కారణం రోడ్డేనా అన్నది రెండో ప్రశ్న. నాలుగు దుకాణాల అవతల కొత్త బేకరీ తెరిచినా అమ్మకం పడిపోతుంది. సరుకు నాణ్యత తగ్గినా పడిపోతుంది. తేడా చెప్పడానికి రోజుకు ఎన్ని బిల్లులు, ఒక్కో బిల్లు సగటున ఎంత అనే రెండు అంకెలను విడదీయాలి. మన బేకరీలో నిరుడు రోజుకు 160 బిల్లులు, సగటు బిల్లు 125 రూపాయలు. ఇప్పుడు రోజుకు 104 బిల్లులు, సగటు బిల్లు అదే 125. లోపలికి వచ్చినవాడు మునుపటిలాగే కొంటున్నాడు, వచ్చేవాళ్లే తగ్గారు. ఇది రోడ్డు దెబ్బ. బిల్లుల సంఖ్య అలాగే ఉండి సగటు పడిపోతే కారణం దుకాణం లోపలే వెతకాలి. ఇంకో గుర్తు కూడా ఉంది. ఫోన్ మీద వచ్చే పుట్టినరోజు కేకుల ఆర్డర్లు తగ్గకుండా, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య కౌంటరు అమ్మకం మాత్రమే పడిపోతే అనుమానం అక్కర్లేదు. బారికేడ్లు పెట్టిన వారం నుంచే పతనం మొదలైతే అది తిరుగులేని రుజువు.

ఇక ఎంత తగ్గించమని అడగాలి? "సగం చేయండి" అని నోటికొచ్చింది అడిగేవాళ్లే ఎక్కువ. సగమే ఎందుకు అని ఎదురు ప్రశ్న వస్తే జవాబు ఉండదు. అమ్మకంలో అద్దె వాటా ఎంతో చూసి, ఆ వాటాను ఇప్పుడూ అంతే ఉంచమని అడగడం న్యాయంగా ఉంటుంది. నిరుడు 6 లక్షల మీద 40,000 అద్దె, అంటే వంద రూపాయల అమ్మకానికి సుమారు 6 రూపాయల 67 పైసలు. అదే వాటాన 3 లక్షల 90 వేలకు అద్దె 26,000 అవుతుంది. కాబట్టి అడగాల్సిన తగ్గింపు నెలకు 14,000.

ఈ అంకె అద్దెదారుకు ఎంత ఊపిరిపోస్తుందో కూడా చూడాలి. బేకరీలో సరుకు ఖర్చులు పోగా అమ్మకం మీద వందకు 35 రూపాయలు మిగులుతాయనుకుందాం. నిరుడు మిగిలింది 2,10,000. అందులో అద్దె 40, జీతాలు 70, కరెంటు 22, చిల్లర ఖర్చులు 18 వేలు పోతే అద్దెదారు కుటుంబానికి 60,000. ఇప్పుడు మిగిలేది 1,36,500. ఒక కుర్రాడిని పూట పనికి మార్చి, ఒక ఫ్రిజ్ ఆపి, జీతాలు 58, కరెంటు 20, మిగతావి 16 వేలకు దించినా, 40,000 అద్దె కట్టాక చేతిలో ఉండేది 2,500. అద్దె 26,000 అయితే 16,500. అది కూడా బతుకు కాదు గానీ, దుకాణం మూతపడకుండా ఆరు నెలలు నెట్టుకురావచ్చు. ముఖ్యంగా ఆ జీతాలు, కరెంటు కోతలు ఉత్తరంలో కనపడాలి. తన వంతు భారం తాను మోస్తూ అడుగుతున్నాడని తెలిస్తే ఎదుటివాడి మనసు మెత్తబడుతుంది.

ఓనరు వైపు లెక్క కూడా అద్దెదారు ముందే వేసుకోవాలి, ఉత్తరంలో మాత్రం రాయకూడదు. నెలకు 14,000 చొప్పున ఆరు నెలలు వదులుకుంటే ఆయనకు తగ్గేది 84,000. దుకాణం రెండు నెలలు ఖాళీగా ఉన్నా దాదాపు అంతే పోతుంది. తవ్విన రోడ్డు మీద 40,000 ఇచ్చి కొత్తవాడు వెంటనే రావడం కష్టం. పైగా 2,40,000 అడ్వాన్సు ఒకేసారి తిరిగి ఇవ్వాలి. ఇవన్నీ ఓనరుకు తెలియనివి కావు. అవతలివాడు వాటిని కాగితం మీద పెడితే "ఖాళీ చేస్తానని బెదిరిస్తున్నాడు" అనిపిస్తుంది. తెలిసిన లెక్కను ఆయన్నే వేసుకోనివ్వడం మర్యాద, తెలివి కూడా.

ఇప్పుడు ఉత్తరం. ఒక పేజీ దాటకూడదు. మన బేకరీ యజమాని రాస్తే ఇలా ఉంటుంది.

"పూజ్యులు, భవన యజమాని గారికి నమస్కారాలు.

విషయం: రోడ్డు పనుల కారణంగా దుకాణం అద్దెను తాత్కాలికంగా తగ్గించవలసిందిగా మనవి.

మీ భవనం కింది అంతస్తులోని రెండు షట్టర్లలో రెండేళ్లుగా బేకరీ నడుపుతున్నాను. అగ్రిమెంటు ప్రకారం నెలకు రూ. 40,000 అద్దె ప్రతి నెలా 5వ తేదీలోగా చెల్లిస్తున్నాను. సెప్టెంబరు వరకు బాకీ ఏమీ లేదు.

జులై రెండో వారం నుంచి మన ముందున్న రోడ్డును విస్తరణ కోసం తవ్వారు. దుకాణం ముందు బండ్లు ఆపే వీలు లేదు. నిరుడు ఆగస్టులో రూ. 6,00,000 ఉన్న అమ్మకం ఈ ఆగస్టులో రూ. 3,90,000కు తగ్గింది. రోజుకు 160గా ఉన్న బిల్లులు 104 అయ్యాయి. నా వంతుగా జీతాలు, కరెంటు ఖర్చు నెలకు రూ. 14,000 తగ్గించుకున్నాను.

అమ్మకంలో అద్దె వాటా మునుపటిలాగే ఉండేలా, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నెలకు రూ. 26,000 అద్దె తీసుకోవలసిందిగా కోరుతున్నాను. డిసెంబరు ఆఖరున అమ్మకాల లెక్క మీకు చూపిస్తాను. బారికేడ్లు తీసేసి, దుకాణం ముందు వాహనాలు రెండు వైపులా తిరగడం మొదలైతే, ఆ మరుసటి నెల నుంచి పూర్తి అద్దె చెల్లిస్తాను. పనులు సాగుతూనే ఉంటే, మీ అంగీకారంతో మార్చి నెలాఖరు వరకు మాత్రమే పొడిగించమని అడుగుతాను. ఆ తర్వాత తగ్గింపు ఉండదు.

ఈ తగ్గింపు కాలానికి సంబంధించిన మిగతా మొత్తం బాకీ కాదని, ఏటా 5 శాతం పెంపు రూ. 40,000 మీదే లెక్కిస్తామని, అగ్రిమెంటులోని మిగతా షరతులు యథాతథమని మీ సమాధానంలో తెలియజేయగలరు. మీ నిర్ణయం వచ్చేవరకు పూర్తి అద్దే చెల్లిస్తాను. మీకు వీలైన రోజు చెబితే వచ్చి మాట్లాడతాను.

జతపరిచినవి: రెండేళ్ల ఆగస్టు అమ్మకాల రిపోర్టులు, బిల్లుల సంఖ్య, ట్రాఫిక్ మళ్లింపు ప్రకటన ప్రతి, తేదీతో ఫొటోలు.

ఇట్లు, మీ అద్దెదారు."

ఈ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన వాక్యం బారికేడ్లది. "రోడ్డు పనులు పూర్తయ్యే వరకు" అని రాస్తే పూర్తి కావడం అంటే ఏమిటన్న తగవు వస్తుంది. తారు వేశాక కూడా ఫుట్‌పాత్ పలకలు, వీధి దీపాలు, డ్రైనేజీ మూతలు మిగిలే ఉంటాయి. పనులు పూర్తి కాలేదని అద్దెదారు, అయిపోయాయని ఓనరు. ఇద్దరి కళ్లకూ ఒకేలా కనిపించే గుర్తు కావాలి. బారికేడ్లు లేచిపోవడం, వాహనాలు రెండు వైపులా తిరగడం అలాంటి గుర్తు. అధికారులు చెప్పిన తేదీని గడువుగా పెట్టుకుంటే కనకదుర్గ ఫ్లైఓవర్ లాంటి అనుభవాలు ఎదురవుతాయి. అందుకే మూడు నెలలకోసారి చూసుకోవడం, మొత్తానికి ఒక పైగడువు ఉండడం రెండూ అవసరం. అద్దెదారు తానే పైగడువు పెడితే ఓనరుకు ధైర్యం వస్తుంది. తగ్గించిన అద్దె మళ్లీ పెరగదేమోనన్న భయమే ఆయనతో ఎక్కువసార్లు కాదనిపిస్తుంది.

గడువు రాయకపోతే ఏమవుతుందో లండన్‌లో జరిగిన ఒక ప్రసిద్ధమైన కేసు చెబుతుంది. హై ట్రీస్ అనే ఫ్లాట్ల భవనాన్ని ఒక కంపెనీ 1937లో ఏడాదికి 2,500 పౌండ్ల అద్దెకు 99 ఏళ్ల లీజుకు తీసుకుంది. యుద్ధం వచ్చి నగరం ఖాళీ అవుతుంటే ఫ్లాట్లకు మనుషులు దొరకలేదు. 1940 జనవరిలో ఓనరు కంపెనీ అద్దెను సగానికి, అంటే 1,250 పౌండ్లకు తగ్గిస్తున్నట్లు రాసిచ్చింది. ఎంతకాలం అన్నది ఆ కాగితంలో లేదు. 1945 నాటికి ఫ్లాట్లన్నీ నిండిపోయాయి. అప్పుడు ఓనరు తరఫువారు పూర్తి అద్దె, పాత తేడా కూడా అడిగారు. న్యాయమూర్తి డెన్నింగ్ తీర్పులో, ఫ్లాట్లు నిండాక పూర్తి అద్దె కట్టాల్సిందేనని, యుద్ధకాలంలో వదులుకున్న తేడాను మాత్రం వెనక్కి అడగకూడదని చెప్పారు. ఇద్దరికీ న్యాయమే జరిగింది. కానీ ఒక్క వాక్యం రాసుకుని ఉంటే కోర్టుదాకా వెళ్లే పనే ఉండేది కాదు.

మన దేశంలో ఈ విషయంలో చట్టం ఇంకా సూటిగా ఉంది. 1872 కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ ప్రకారం, తనకు రావాల్సిన దాన్ని పూర్తిగా గానీ కొంత గానీ ఒక వ్యక్తి వదులుకోవచ్చు, గడువు పొడిగించవచ్చు. బదులుగా ఏమీ తీసుకోనక్కర్లేదు. ఆ చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. 5,000 అప్పుకు బదులుగా 2,000 తీసుకుని, మొత్తం తీరినట్లే అని అప్పిచ్చినవాడు ఒప్పుకుంటే బాకీ అంతటితో తీరిపోతుంది. కాబట్టి ఓనరు "ఈ మూడు నెలలు 26,000 చాలు" అని రాసిస్తే, ఏడాది తర్వాత ఆ 42,000 బాకీ ఉందని అనలేడు.

రాసిస్తే అన్నదే ఇక్కడ ముఖ్యం. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావాలి. అలా రిజిస్టరైన అగ్రిమెంటులోని అద్దెను తర్వాత నోటిమాటతో మార్చుకున్నామని కోర్టులో నిరూపించడం సాక్ష్య చట్టం ప్రకారం కుదరదు. రిజిస్టరైన లీజు ఉండి, మార్పు కొన్ని నెలలకు మించేలా ఉంటే వకీలును అడిగి సరైన పత్రం రాయించుకోవడం మంచిది. 11 నెలల అగ్రిమెంటులో ఉన్నవారికి కూడా కాగితం కావాలి. ఎందుకంటే మనుషులు మారిపోతారు. ఈరోజు ఒప్పుకున్న పెద్దాయన రేపు లేకపోవచ్చు, పిల్లలకు ఆ మాట తెలియకపోవచ్చు. భవనం అమ్మేస్తే కొన్నవాడు పాత అగ్రిమెంటు చూపించి పూర్తి అద్దె అడుగుతాడు. అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అయితే ఒకరు ఒప్పుకుని ఇంకొకరు కాదనవచ్చు. అందుకే అగ్రిమెంటు మీద ఎవరెవరు సంతకాలు పెట్టారో వాళ్లందరూ సమాధానం మీదా పెట్టాలి. వాట్సాప్‌లో వచ్చిన "సరే" ఒట్టి మాట కంటే నయం. ఉత్తరం ప్రతి కింద "అంగీకరించాను" అని సంతకం, తేదీ వేయించుకుంటే అంతకంటే నయం.

సమాధానం రాకముందే తక్కువ అద్దె పంపేయడం అన్నిటికంటే ప్రమాదకరమైన పని. ఉత్తరం ఇచ్చాం, ఆయన ఏమీ అనలేదు, అంటే ఒప్పుకున్నట్లే అనుకుంటారు. మౌనం అంగీకారం కాదు. 40,000కు బదులు 26,000 ఖాతాలో పడితే, రాతపూర్వక అంగీకారం లేనంతవరకు నెలకు 14,000 బాకీ పేరుకుపోతుంది. అద్దె బాకీ అద్దెదారును ఖాళీ చేయించడానికి ఓనరు చేతికి దొరికే తేలికైన ఆయుధం. నెలవారీ అద్దె ఒప్పందమైతే, వేరే షరతు లేనప్పుడు, 15 రోజుల నోటీసుతోనే అది ముగిసిపోవచ్చు. బాకీ కారణంగా లీజు రద్దు చేసిన కేసుల్లో, వడ్డీ ఖర్చులతో సహా మొత్తం కట్టేస్తే కోర్టు లీజును నిలబెట్టే అవకాశం ఆస్తి బదిలీ చట్టం 114వ సెక్షన్‌లో ఉంది. కానీ అది కోర్టు దయ మీద ఆధారపడింది. గల్లా ఖాళీగా ఉన్న సమయంలో ఆ మొత్తం కట్టగలగడం మరీ కష్టం.

సమయం కూడా చూసుకోవాలి. ఓనరుకు జీఎస్టీ నమోదు ఉండి నెలనెలా బిల్లు ఇచ్చే పద్ధతి ఉంటే, అక్టోబరు బిల్లు రాకముందే మాట తేలాలి. పూర్తి అద్దెకు బిల్లు వేశాక తగ్గిస్తే ఆయన క్రెడిట్ నోటు ఇవ్వాలి, రిటర్నులో సర్దాలి. ఆ తలనొప్పి కోసమే కొందరు వద్దనేస్తారు. సెప్టెంబరు ఇరవైలోపు ఉత్తరం చేతికి ఇస్తే ఈ చిక్కు ఉండదు.

ఓనరు ఉన్నపళంగా ఒప్పుకుంటాడని అనుకోకూడదు. మన ఉదాహరణలో ఆయన భవనం మీద అప్పు ఉంది, నెలకు 28,000 వాయిదా. 26,000 తీసుకుంటే వాయిదాకు చేతి డబ్బు వేసుకోవాలి. ఆ మాట అద్దెదారుకు మాట్లాడేటప్పుడే తెలుస్తుంది. అలాంటప్పుడు తగ్గింపును రెండు ముక్కలు చేయవచ్చు. నెలకు 8,000 పూర్తిగా వదులుకోవడం, మరో 3,000 వాయిదా వేయడం. ఇప్పుడు చేతికి వచ్చేది 29,000. ఓనరు వాయిదా గడిచిపోతుంది, అద్దెదారుకు 13,500 మిగులుతుంది. ఆరు నెలలు సాగితే వెనక పడే 18,000ను పూర్తి అద్దె మొదలయ్యాక నెలకు 1,500 చొప్పున ఏడాదిలో తీర్చవచ్చు. ఎంత వదులుకున్నది, ఎంత వాయిదా వేసినది విడివిడిగా రాసుకోవాలి. రెంటినీ కలిపి "11,000 తక్కువ" అని రాస్తే, అంతా అప్పేనని ఒకరు, అంతా మాఫీయేనని ఇంకొకరు అంటారు.

"అడ్వాన్సులో సర్దుకోండి" అని ఓనరు అనడం మామూలే. అది వినడానికి సాయంలా ఉంటుంది, కానీ తగ్గింపు కాదు. అడ్వాన్సు అద్దెదారు డబ్బే. దాన్ని తిని బతికితే ఖాళీ చేసే రోజున చేతికి ఏమీ రాదు, మధ్యలో మళ్లీ నింపమని కూడా అడుగుతారు. వేరే దారి లేనప్పుడు ఒకటి రెండు నెలలకు ఒప్పుకోవచ్చు. ఈ ఏడాది 5 శాతం పెంపు ఆపడం కూడా అంతే, 40,000 మీద నెలకు 2,000. మన బేకరీ నష్టానికి అది చాలదు. అయితే ఏమీ ఒప్పుకోని ఓనరు కూడా దీనికి తరచు ఒప్పుకుంటాడు కాబట్టి అడిగి చూడాలి. రెండు షట్టర్లలో ఒకటి అప్పగించి సగం అద్దె కట్టడం ఇంకో మార్గం. బట్టల దుకాణానికి అది కుదురుతుంది, పొయ్యి, ఓవెన్ ఉన్న బేకరీకి కుదరదు.

ఒక సందర్భంలో మాత్రం ఈ ఉత్తరమే తప్పు మందు. రోడ్డు తెరిచాక గిరాకీ తిరిగి వస్తుందన్న నమ్మకం ఉన్నప్పుడే తాత్కాలిక తగ్గింపుకు అర్థం ఉంటుంది. కడుతున్నది ఫ్లైఓవర్ అయితే రేపు బండ్లు పైనుంచి వెళ్లిపోతాయి. విస్తరణలో మధ్యన డివైడర్ వచ్చి, దుకాణానికి ఎదురుగా దారి ఇవ్వకపోతే అవతలి వైపు జనం ఇవతలికి రారు. దుకాణం ఎదుట బండ్లు ఆపే చోటు రోడ్డులో కలిసిపోతే అదీ తిరిగి రాదు. అలాంటి చోట ఆరు నెలలు తక్కువ అద్దె కట్టి, ఏడో నెల నుంచి పాత అద్దె మోయడం అప్పుల్లోకి నడవడమే. మున్సిపల్ ఇంజనీరింగ్ కార్యాలయంలో రోడ్డు నమూనా అడిగి, డివైడర్ ఖాళీ ఎక్కడ వస్తుందో, ఫ్లైఓవర్ ర్యాంపు ఎక్కడ దిగుతుందో చూసుకోవాలి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడిగినా చెబుతారు. దుకాణం దెబ్బతినేది శాశ్వతంగానే అని తేలితే, ఓనరుతో మాట్లాడాల్సింది కొత్త అద్దె గురించి, లేదా అగ్రిమెంటులోని నోటీసు గడువు, లాక్ ఇన్ కాలం ఎప్పుడు ముగుస్తుందన్న దాని గురించి.

రోడ్డు మీద పనులు మొదలైన దుకాణదారులు ఈ వారమే నిరుటి అదే నెల బిల్లులు బయటికి తీయండి. వచ్చే అద్దె గడువుకు కనీసం పది రోజుల ముందు ఉత్తరం ఓనరు చేతికి ఇచ్చి, తమ ప్రతి మీద "అందింది" అని సంతకం వేయించుకోండి. ఓనర్లు కూడా ఆ ఉత్తరాన్ని సొరుగులో పడేయకుండా, సరే అయితే సరే అని, కాదు అయితే కాదని, ఎంతవరకు కుదురుతుందో తేదీతో సహా రాసి ఇవ్వాలి.